62 పేజీల రిపోర్టు, 20 నిమిషాల మీటింగ్: నాలుగు రకాల డెక్‌లలో ఏది మీకు సరిపోతుంది?

నాలుగు నెలలు తిరిగి, లెక్కలు వేసి 62 పేజీల రిపోర్టు రాశారు. పై వాళ్ల మీటింగ్‌లో మీకు దొరికింది 20 నిమిషాలు. ముందున్న అంశం సాగడంతో అందులో ఐదు పోతాయి. ప్రశ్నలకు కనీసం ఏడెనిమిది వదలాలి. చివరికి మీరు మాట్లాడేది ఏడు నిమిషాలు. "ఆ రిపోర్టును స్లైడ్‌లలో పెట్టి పట్టుకురండి" అని బాస్ అన్నప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పరు. స్లైడ్‌లు ఎన్ని ఉండాలో కూడా చెప్పరు.

డెక్ చేయడానికి ప్రధానంగా నాలుగు దారులు ఉన్నాయి. రిపోర్టు అధ్యాయాల క్రమంలోనే చేయవచ్చు. జవాబును ముందు పెట్టి నాలుగైదు స్లైడ్‌లతో సరిపెట్టవచ్చు. మొత్తాన్ని ఒకే స్లైడ్‌లో ఇమడ్చవచ్చు. లేదంటే ముందు రోజే పంపి చదివించే డెక్ తయారు చేయవచ్చు. నాలుగూ ఆఫీసుల్లో నడుస్తున్నవే. తప్పు చోట వాడితే మాత్రం నాలుగూ దెబ్బతింటాయి.

ఉదాహరణ లేకపోతే ఈ చర్చ గాల్లో తేలిపోతుంది కాబట్టి ఒక కేసు అనుకుందాం. ఇందులో అంకెలు నేను కల్పించుకున్నవే. ఇలాంటి రిపోర్టులు మాత్రం చాలా ఆఫీసుల్లో కనిపిస్తాయి.

## మన ఉదాహరణ: పాడైపోతున్న పాలు

ఒక ప్రైవేటు డెయిరీకి పల్లెల్లో 40 పాల శీతలీకరణ కేంద్రాలు ఉన్నాయి. రైతులు రెండు పూటలా పోసిన పాలను అక్కడి పెద్ద కూలర్లలో 4 డిగ్రీలకు చల్లబరిచి, ట్యాంకర్‌లో ప్లాంటుకు పంపుతారు. కిందటి ఏడాది పాడైన పాల వల్ల 1.9 కోట్ల రూపాయలు నష్టపోయారు. అందరి అనుమానమూ కరెంటు కోతల మీదే. అన్ని కేంద్రాలకూ కొత్త జనరేటర్లు కొనేయాలని ఎండీ దాదాపు నిర్ణయించుకున్నారు. ఒక్కోటి 6 లక్షల చొప్పున 2.4 కోట్లు అవుతుంది.

రిపోర్టు రాసిన టీమ్‌కు కేంద్రాల్లో వేరే సంగతి కనిపించింది. నష్టంలో 70 శాతం, అంటే 1.33 కోట్లు, 11 కేంద్రాల్లోనే జరుగుతోంది. అక్కడ కూలర్ చిన్నది, వచ్చే పాలు ఎక్కువ. చల్లబడిన ఉదయం పాల మీద సాయంత్రం వెచ్చటి పాలు పోస్తున్నారు. ట్యాంకర్ వచ్చే వేళకు అవి 4 డిగ్రీలకు దిగడం లేదు. కరెంటు పోయిన రోజులతో సరిపోలిన నష్టం 40 కేంద్రాల్లోనూ కలిపి 38 లక్షలే. 11 చోట్ల పెద్ద కూలర్లు పెట్టడానికి ఒక్కోదానికి 12 లక్షల చొప్పున 1.32 కోట్లు కావాలి. ఆ కేంద్రాల నష్టంలో ముప్పావు వంతు ఆగినా ఏడాదికి కోటి మిగులుతుంది, పెట్టిన డబ్బు 16 నెలల్లో తిరిగొస్తుంది. సగమే ఆగితే రెండేళ్లు పడుతుంది.

ఇందులో ఒక బలహీనత ఉంది. ఉష్ణోగ్రతను దానంతట అదే నమోదు చేసే లాగర్లు ఆ 11 కేంద్రాల్లో ఏడింటికే ఉన్నాయి. మిగతా నాలుగింట్లో చేత్తో రాసిన రిజిస్టర్లే ఆధారం. ఆ రిజిస్టర్లలో ఏ రోజు చూసినా 4.0 అనే ఉంది. పాలు పాడైన రోజున కూడా!

## ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు

మొదటిది, మీటింగ్ అయ్యేసరికి వాళ్లు ఏం చేయాలి? డబ్బు మంజూరు చేయాలా, రెండు దారుల్లో ఒకటి ఎంచాలా, లేక సంగతి తెలుసుకుంటే చాలా? దీనికి మీ దగ్గర ఒక్క వాక్యంలో జవాబు లేకపోతే స్లైడ్‌లు తెరవకండి, ముందు బాస్‌ను అడగండి. "మీటింగ్ చివర్లో ఎండీ గారు దేనికి ఓకే చెప్పాలి సార్?" అని అడిగితే చాలు. బాస్ కూడా ఒక నిమిషం ఆలోచనలో పడతారు. ఆ నిమిషం మీకు రెండు రాత్రుల పని తగ్గిస్తుంది.

రెండోది, డెక్ పక్కన మీరు ఉంటారా? తెర మీద చూపిస్తూ మాట్లాడే డెక్‌లో మాటలు తక్కువగా ఉండాలి, ఎందుకంటే మీరు చెబుతుంటే జనం చదవలేరు. మెయిల్‌లో వెళ్లి ఎవరో ఒక్కరే చదువుకునే డెక్‌లో మాటలు సరిపడా ఉండాలి, ఎందుకంటే సందేహం తీర్చడానికి మీరు అక్కడ ఉండరు. రెండింటికీ పనికొస్తుందని మధ్యస్తంగా చేసిన డెక్ తెర మీద బరువుగానూ, మెయిల్‌లో అర్థం కాకుండానూ ఉంటుంది. చేసినవాళ్లకు మాత్రం అది బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రిపోర్టంతా వాళ్ల బుర్రలో ఉంది కదా.

మూడోది, రిపోర్టులో అన్నిటికంటే బలహీనమైన చోటు ఏది, అది డెక్‌లో ఎక్కడికి వెళుతుంది? కుదించేటప్పుడు మొదట రాలిపోయేవి "అయితే", "కానీ", "ఇంత మేరకే" అనే మాటలే. 62 పేజీల్లో ఒక పేరాగా ఉన్న జాగ్రత్త స్లైడ్‌లో చివరి బుల్లెట్ అవుతుంది, ఆ తర్వాత ఎవరో "ఈ లైన్ కిందికి జారుతోంది" అని దాన్ని తీసేస్తారు.

ఇది ఎంత దూరం వెళ్లగలదో కొలంబియా స్పేస్ షటిల్ కథలో ఉంది. 2003 జనవరి 16న షటిల్ పైకి లేచిన 82 సెకన్లకు బయటి ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. షటిల్ కక్ష్యలో ఉండగా ఇంజినీర్లు దాని మీద విశ్లేషణ చేసి, స్లైడ్‌లలో నాసా అధికారులకు చూపించారు. వాటిలో ఒక కీలకమైన స్లైడ్ శీర్షిక చదివితే పాత పరీక్షలు ధైర్యమే ఇస్తున్నాయన్న భావం కలుగుతుంది. అసలు విషయం అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాల ఉప బుల్లెట్‌లో ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిన ముక్క 1920 ఘనపు అంగుళాలుగా అంచనా. 640 రెట్లు పెద్దది! అంటే ఆ పరీక్షలు ఈ ముక్క గురించి పెద్దగా ఏమీ చెప్పలేవు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ షటిల్ ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ప్రమాదానికి కారణాలు చాలానే ఉన్నాయి, ఒక్క స్లైడ్ మీద నింద వేయడం సరికాదు. అయినా అదే ఏడాది ఆగస్టులో వచ్చిన విచారణ నివేదిక ఆ స్లైడ్‌ను ప్రత్యేకంగా తీసుకుని చర్చించింది. పై అధికారి దాన్ని చదివి కూడా ప్రాణాపాయం ఉందని గ్రహించకపోవడం ఎలా సాధ్యమో అందులో వివరించారు.

మన డెయిరీ కేసులో ఆ చివరి బుల్లెట్ "4 కేంద్రాల్లో కొలతలు నమ్మదగ్గవి కావు" అన్నది. ఏ డెక్ ఎంచుకున్నా ఈ వాక్యం ఎక్కడ కూర్చుంటుందో ముందు చూడండి.

## ఒక్క చూపులో

| | అధ్యాయాల వారీ | జవాబు ముందు | ఒకే స్లైడ్ | ముందే చదివించే డెక్ |
|---|---|---|---|---|
| స్లైడ్‌లు | 15–20 | 5 + బ్యాకప్ | 1 | 8–10 |
| తయారీ సమయం | సగం రోజు | రెండు మూడు రోజులు | ఒక రోజు, కానీ చాలాసార్లు తిరగరాయాలి | మూడు నాలుగు రోజులు |
| ఎప్పుడు నప్పుతుంది | ఆడిట్, సాంకేతిక సమీక్ష | డబ్బు, అనుమతి అడిగేటప్పుడు | చాలా అంశాలున్న మీటింగ్‌లో ఒక అంశం | బోర్డు, వేరే ఊళ్లలో ఉన్నవాళ్లు |
| మీరు లేకుండా అర్థమవుతుందా | సగం సగం | కొంత వరకు | కాదు | అవును |
| బలహీనత ఎక్కడ దాక్కుంటుంది | 14వ స్లైడ్‌లో | బ్యాకప్‌లోకి తోసేస్తే | చోటు లేక రాలిపోతుంది | దాక్కోదు, కానీ చదవకపోతే లాభం లేదు |

## అధ్యాయాల వారీ డెక్

అందరూ మొదట చేసేది ఇదే. నేపథ్యం, లక్ష్యాలు, పద్ధతి, కనుగొన్నవి, సిఫార్సులు, ఒక్కో అధ్యాయానికి రెండేసి స్లైడ్‌లు. Word లో `Send to Microsoft PowerPoint` అనే కమాండ్ కూడా ఉంది (రిబ్బన్‌లో మామూలుగా కనిపించదు, మనమే చేర్చుకోవాలి). అది `Heading 1` అని గుర్తు పెట్టిన ప్రతి శీర్షికనూ కొత్త స్లైడ్ చేసి, `Heading 2` లను బుల్లెట్లుగా దింపుతుంది. పది నిమిషాల్లో డెక్ తయారైనట్టు అనిపిస్తుంది.

రిపోర్టు క్రమం మనం పని చేసిన క్రమం కావడమే ఇక్కడ చిక్కు. ముందు డేటా సేకరించాం, తర్వాత పరీక్షించాం, చివరికి తేల్చాం. వినేవాళ్లకు కావాల్సింది ఆ చివరిదే. డెయిరీ డెక్‌ను ఇలా చేస్తే కూలర్ల మాట 13వ స్లైడ్‌లో వస్తుంది. "ఎన్ని కేంద్రాలు తిరిగారు?" అన్న ప్రశ్న మూడో స్లైడ్‌కే వస్తుంది, దాని మీద ఆరు నిమిషాలు చర్చ జరుగుతుంది. 13వ స్లైడ్‌కు చేరే లోపు ఎండీ ఫోన్ చూసుకుంటూ, "సరే, జనరేటర్ల సంగతేంటి?" అంటారు.

అయినా దీన్ని పూర్తిగా తీసిపారేయలేం. ఆడిట్ కమిటీ, నాణ్యతా విభాగం, బ్యాంకు తరఫున వచ్చే సాంకేతిక పరిశీలకులు పద్ధతి మీదే ప్రశ్నలు వేస్తారు. మీరు ఏ దారిలో వెళ్లి తేల్చారో అడుగడుగునా చూడటమే వాళ్ల పని. వాళ్లకు ఈ క్రమమే సరైనది. పై వాళ్ల ముందు మాత్రం దీన్ని డెక్‌గా వాడకండి, ముడి సరుకుగా దగ్గర ఉంచుకోండి. ప్రశ్న వస్తేనే తీసి చూపించే బ్యాకప్ స్లైడ్‌లు ఇందులోంచే వస్తాయి.

## ఒకే స్లైడ్

నెలవారీ సమీక్షలో 14 అంశాలు ఉండి, మీది తొమ్మిదోది అయితే ఇదే గతి. మంచి ఒంటరి స్లైడ్‌లో అడుగుతున్నది, దానికి కారణం, ఒక బొమ్మ, ఖర్చు, ఒక హెచ్చరిక ఉంటాయి. అక్షరాలు 18 పాయింట్ల కంటే చిన్నవి అవుతున్నాయంటే అది ఒక స్లైడ్ కాదు, మూడు స్లైడ్‌లను పిండి ఒకటి చేశారని అర్థం.

విషయం వాళ్లకు ముందే తెలిసి, ఒక్క అనుమతి మిగిలినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. వాళ్ల అభిప్రాయాన్ని మార్చాల్సి వస్తే పనిచేయదు. "జనరేటర్లు వద్దు, కూలర్లు కావాలి" అన్నదాన్ని ఒక్క స్లైడ్‌తో నమ్మించలేం. నమ్మడానికి వాళ్లు ఆ ఉష్ణోగ్రత గీతను కళ్లతో చూడాలి.

## ముందే చదివించే డెక్

దీన్ని చాలా ఆఫీసుల్లో ప్రీ-రీడ్ అంటారు. పేరుకు స్లైడ్‌లే కానీ నిజానికి అడ్డంగా పడుకోబెట్టిన పేజీలు. ప్రతి పేజీకీ ఒక పూర్తి వాక్యం శీర్షిక, కింద ఒక బొమ్మ, పక్కన 60 నుంచి 80 మాటల వివరణ. బోర్డు సభ్యులు వేర్వేరు ఊళ్లలో ఉన్నప్పుడు, హైదరాబాద్‌లో చేసిన డెక్‌ను అమెరికాలో ఉన్న భాగస్వామి తన ఉదయం వేళ చదివి మెయిల్‌లోనే జవాబు ఇవ్వాల్సినప్పుడు ఇంతకు మించినది లేదు.

ప్రమాదమల్లా చదవకుండా రావడమే. ముందు రోజు రాత్రి పది గంటలకు పంపిన డెక్‌ను ఎవరూ చదవరు, చదవనందుకు వాళ్లను తప్పుపట్టలేం కూడా. రెండు పని దినాల ముందు పంపలేకపోతే ఈ దారి వదిలేయండి. అమెజాన్ ఈ చిక్కును వేరేలా తప్పించుకుంది. 2004లో అక్కడ పై స్థాయి మీటింగ్‌లలో స్లైడ్‌లు మానేసి, ఆరు పేజీలకు మించని వ్యాసం లాంటి మెమోలు మొదలుపెట్టారు. మీటింగ్ మొదట్లో అందరూ అక్కడే కూర్చుని మౌనంగా చదువుతారు. మీ ఎండీ దీనికి ఒప్పుకునే మనిషైతే మీ అదృష్టం. నాకు తెలిసిన ఎండీలలో అలాంటివాళ్లు తక్కువ.

ఇంకో మాట. ప్రీ-రీడ్ పంపాక మీటింగ్‌లో దాన్నే మొదటి పేజీ నుంచి చదివి వినిపించకండి. చదివి వచ్చినవాళ్లకు అది శిక్ష, ఇకపై చదవక్కర్లేదన్న సందేశం కూడా.

## జవాబు ముందు పెట్టే డెక్

డబ్బు అడిగేటప్పుడు, ఒక దారి ఎంచమన్నప్పుడు నా ఓటు దీనికే. మిగతా వాటి కంటే ఇది కష్టం కూడా, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

పని స్లైడ్‌లలో మొదలవదు, కాగితం మీద మొదలవుతుంది. అడుగుతున్నది ఒక్క వాక్యంలో రాయండి. దాన్ని వినగానే ఎండీ వేసే మొదటి ప్రశ్న కింద రాయండి, దానికి జవాబు విన్నాక వేసే రెండో ప్రశ్న ఆ కింద. మూడు నాలుగు ప్రశ్నల దగ్గర ఆగిపోతారు. మీ స్లైడ్‌లు అవే, క్రమమూ అదే. డెయిరీ కేసులో ప్రశ్నలు ఇలా వస్తాయి: ఎక్కడ నష్టం? కరెంటు కోతలు కదా కారణం? జనరేటర్లు కొంటే ఏమవుతుంది? ఈ లెక్కను ఎంతవరకు నమ్మొచ్చు?

ఇప్పుడు శీర్షికలు రాయాలి. రిపోర్టులో శీర్షిక "నష్టాల విశ్లేషణ" అని ఉంటుంది. అది అల్మారా మీద అంటించిన పేరు, లోపల ఏముందో చెప్పదు. స్లైడ్ శీర్షిక ఒక తీర్పు చెప్పాలి. మన ఐదు స్లైడ్‌ల శీర్షికలు:

1. 7 కేంద్రాల్లో కూలర్లు మార్చడానికి 84 లక్షలు ఇప్పుడు కావాలి. మరో 4 కేంద్రాల మీద రెండు నెలల్లో తేలుస్తాం.
2. పాడైన పాల నష్టంలో 70 శాతం 11 కేంద్రాల్లోనే ఉంది.
3. ఆ కేంద్రాల్లో ప్రధాన కారణం చిన్న కూలర్లు. కరెంటు ఉన్న రోజుల్లోనూ పాలు 4 డిగ్రీలకు దిగడం లేదు.
4. జనరేటర్ల డబ్బు తిరిగి రావడానికి ఆరేళ్ల పైన పడుతుంది, కూలర్లకు 16 నుంచి 24 నెలలు.
5. 4 కేంద్రాల రిజిస్టర్లు నమ్మలేం. అక్కడ లాగర్లు పెట్టి కొలిచాకే 48 లక్షలు అడుగుతాం.

ఈ ఐదు వాక్యాలనే వరసగా చదివితే కథ మొత్తం తెలియాలి. PowerPoint లో `Outline View` తెరిస్తే శీర్షికలు వరసగా కనిపిస్తాయి. రిపోర్టు చదవని ఒక సహోద్యోగికి అవి చదివి వినిపించి, "మనం ఏం అడుగుతున్నాం?" అనండి. తడబడితే లోపం శీర్షికల్లో ఉంది.

రిపోర్టులో 11 కేంద్రాలకు 1.32 కోట్లు అని ఉంది కదా, డెక్ 84 లక్షలే అడుగుతోందేం? ఆ బలహీనతను చివరి బుల్లెట్‌గా కాకుండా అడిగే మొత్తంలోకే తెచ్చాం కాబట్టి. ఆధారం గట్టిగా ఉన్న 7 కేంద్రాలకు ఇప్పుడు, లేని 4 కేంద్రాలకు తర్వాత. ఇలా చేస్తే ఆ జాగ్రత్తను ఎవరూ కత్తిరించలేరు, ఎందుకంటే దాన్ని తీసేస్తే అంకె మారిపోతుంది. ఫైనాన్స్ హెడ్ "ఈ కొలతలు ఎవరు తీశారు?" అని అడిగే లోపే జవాబు మొదటి స్లైడ్‌లో ఉంటుంది. అయితే ఇది మీరొక్కరే చేసే మార్పు కాదు. రిపోర్టు సిఫార్సు, డెక్ అడిగేది వేరైతే రిపోర్టు రాసినవాళ్ల ఒప్పుదల తీసుకుని, తేడా ఎందుకొచ్చిందో రిపోర్టుకు ఒక పేజీ జోడించాలి.

రెండో స్లైడ్‌లో 40 కేంద్రాలనూ నష్టం ఎక్కువ నుంచి తక్కువకు పేర్చిన బార్లు, అందులో 11 మాత్రమే రంగుతో. మూడో స్లైడ్‌లో ఒక కేంద్రం, ఒక రోజు ఉష్ణోగ్రత గీత: ఉదయం దిగుతుంది, సాయంత్రం ఎగిరి మళ్లీ 4 దాకా రాకుండానే ట్యాంకర్ వస్తుంది. కరెంటు రోజంతా ఉందని పక్కన ఒక్క మాట. రిపోర్టులో ఇలాంటి గీతలు 31 ఉండవచ్చు. ఒక్కటే చూపించండి, కానీ అన్నిటికంటే ఘోరంగా ఉన్న రోజును ఎంచకండి. "మామూలు రోజు కూడా ఇలాగే ఉంటుందా?" అని ఎవరైనా అడుగుతారు, అప్పుడు ఇరుక్కుంటారు. మామూలు రోజునే చూపించి, మిగతా 30 బ్యాకప్‌లో ఉన్నాయని చెప్పండి.

నాలుగో స్లైడ్ లెక్క సులువైనది, అందుకే బలమైనది. జనరేటర్లకు 2.4 కోట్లు, అవి ఆపగలిగింది మహా అయితే ఏడాదికి 38 లక్షలు. భాగిస్తే ఆరేళ్ల పైన. ఈ భాగహారాన్ని స్లైడ్ మీదే కనిపించనివ్వండి. కోట్లు ఒకచోట, లక్షలు ఒకచోట, రిపోర్టు నుంచి తెచ్చిన మిలియన్లు ఇంకోచోట ఉంటే ఆ భాగహారం బుర్రలో చేయలేరు.

ఈ పద్ధతికీ ఒక చోట దెబ్బ ఉంది. జవాబు వాళ్లకు నచ్చనిదైతే, మొదటి స్లైడ్‌లోనే అది చూసి బిగుసుకుపోతారు. తర్వాత ఎంత చెప్పినా వాదనే. మన ఎండీ జనరేటర్ల పక్షాన ఉన్నారు, పది మంది ముందు ఆయన ఆలోచన తప్పని తెర మీద రాయడం తెలివైన పని కాదు. అందుకని క్రమం మార్చి జవాబును దాచేవాళ్లు ఉన్నారు. నేనైతే క్రమం మార్చను. ముందు రోజు బాస్‌ను తీసుకుని ఎండీ గారిని ఐదు నిమిషాలు కలిసి, మూడో స్లైడ్ ఒక్కటే చూపిస్తాను. "సార్, మేం కూడా కరెంటే అనుకుని వెళ్లాం. తీరా చూస్తే కరెంటు ఉన్న రోజు కూడా ఇలా ఉంది" అని చెబితే, మీటింగ్‌లో మీకంటే ముందు ఆయనే మాట్లాడవచ్చు. ఆ ఐదు నిమిషాలు దొరకని ఆఫీసైతే, మొదటి స్లైడ్‌లోనే "జనరేటర్లను కూడా లెక్క వేశాం, 4వ స్లైడ్‌లో ఉంది" అని ఒక లైన్ పెట్టండి.

## బ్యాకప్, అంకెలు, అతికింపులు

బ్యాకప్ స్లైడ్‌లు ఆరేడు చాలు. ప్రశ్న వస్తే వెతుకుతూ స్లైడ్‌లు తిప్పకండి. స్లైడ్ షో నడుస్తుండగా స్లైడ్ నంబరు కొట్టి Enter నొక్కితే నేరుగా అక్కడికి వెళుతుంది, హైడ్ చేసిన స్లైడ్ అయినా సరే. నంబర్ల చీటీ ఒకటి చేతిలో ఉంచుకోండి. హైడ్ చేసిన స్లైడ్‌లు ఫైలుతో పాటే వెళతాయని మాత్రం మరవకండి. తెర మీద కనిపించవు కానీ మెయిల్ అందుకున్నవాళ్లు తెరిచి చూడగలరు.

Excel చార్టులతో ఇంకా పెద్ద ముప్పు ఉంది. అతికించేటప్పుడు `Embed Workbook` ఉన్న ఎంపిక తీసుకుంటే, ఆ చార్టుతో పాటు వర్క్‌బుక్ మొత్తం డెక్‌లోకి వస్తుంది. పక్క షీట్‌లో రైతులకు చెల్లించిన రేట్లు ఉంటే అవి కూడా. బయటికి వెళ్లే డెక్‌లో `Picture` గా అతికించండి.

ప్రతి అంకె పక్కన చిన్నగా రిపోర్టు పేజీ నంబరు రాయండి. "రిపోర్టు పే. 34" అంటే చాలు. ఇది వాళ్ల కోసం కంటే మీ కోసం. రిపోర్టు చివరి వెర్షన్‌లో ఒక అంకె మారితే డెక్‌లో ఎక్కడెక్కడ మార్చాలో అప్పుడే తెలుస్తుంది. అంకెలను గుండ్రంగా చేస్తే అంతటా ఒకేలా చేయండి. ఒకచోట 1.3 కోట్ల నష్టం, ఇంకోచోట 1.33, ఖర్చేమో 1.32 అని ఉంటే ఫైనాన్స్ వాళ్ల కళ్లు అక్కడే ఆగుతాయి, నష్టం ఏదో ఖర్చు ఏదో కలిసిపోయి మీ ఏడు నిమిషాల్లో రెండు అక్కడే పోతాయి.

## మీరు ఎవరన్న దాన్ని బట్టి

రిపోర్టు మీరే రాసి ఉంటే జవాబు ముందు పెట్టే డెక్ తీసుకోండి, కానీ మొదటి చిత్తు మీరు చేయకండి. పడ్డ కష్టమంతా కళ్ల ముందుంటుంది కాబట్టి దేన్నీ వదలబుద్ధి కాదు. పక్క టీమ్ మనిషికి రిపోర్టు మొదటి నాలుగు పేజీలు, సిఫార్సుల పేజీ ఇచ్చి, ఎండీ అడిగే ప్రశ్నలు రాయమనండి.

వేరేవాళ్లు రాసిన రిపోర్టు మీ నెత్తిన పడి, ఒక్క సాయంత్రమే ఉంటే ఐదు స్లైడ్‌లకు పోకండి. అడుగుతున్నది, ప్రధాన ఆధారం, అనుమానం ఉన్న చోటు, ఈ మూడింటితో మూడు స్లైడ్‌లు చేసి, రాసినవాళ్లను మీటింగ్‌కు వెంట తీసుకెళ్లండి. వాళ్లను పిలవడం కుదరకపోతే ఫోన్‌లో ఒకే ప్రశ్న అడగండి: "ఇందులో మీకు కూడా పూర్తిగా నమ్మకం లేని అంకె ఏది?" ఎవరి దగ్గరైనా ఒకటి ఉంటుంది. నాలుగు కేంద్రాల రిజిస్టర్ల సంగతి అలాగే బయటపడుతుంది, 47వ పేజీ ఫుట్‌నోట్‌లో కాదు.

బోర్డుకు వెళ్లే విషయమైతే రెండూ కావాలి: రెండు రోజుల ముందు ప్రీ-రీడ్, మీటింగ్‌లో జవాబు ముందు పెట్టే డెక్ నుంచి మొదటి స్లైడ్, లెక్క ఉన్న నాలుగో స్లైడ్ మాత్రమే. రెండు ఫైళ్లలోనూ అంకెలు ఒకటేనా అని పంపే ముందు ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి. పావుగంట పని.